హ్యాండ్ బ్రేక్ దించినా ఎర్ర లైటు వెలుగుతోంది, బావేమో సెన్సర్ లూజు అంటున్నాడు

ప్రశ్న: మాది మదనపల్లె. మా ఆయన ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. వీసా వచ్చేదాకా బెంగళూరు మారతహళ్లిలో అక్కావాళ్లింట్లో ఉంటున్నాను. అక్కడికి వెళ్లాక లైసెన్సు కోసం థియరీ పరీక్ష రాయాలి కదా అని ఇప్పటినుంచే ప్రశ్నలు చదువుతున్నాను, సాయంత్రాలు బావ కారులో ప్రాక్టీసు చేస్తున్నాను. డ్యాష్‌బోర్డులో ఎరుపంటే ఆపాలి, పసుపంటే చూపించుకోవాలి, ఆకుపచ్చ, నీలం అంటే ఏదో ఆన్‌లో ఉందని బట్టీ పట్టాను. అయినా మాక్ టెస్టుల్లో ఈ లైట్ల ప్రశ్నలే తప్పుతున్నాయి. పైగా పోయిన వారం నుంచి హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినా బ్రేక్ లైటు ఎర్రగా వెలిగి ఆరుతోంది, ముఖ్యంగా మలుపుల్లో, బ్రిడ్జి దిగేటప్పుడు. ఏబీఎస్ లైటు మాత్రం వెలగట్లేదు. బావతో చెబితే "సెన్సర్ లూజు అయ్యుంటుంది, పుస్తకాలు చదివి భయపడకు" అని నవ్వేశాడు. శనివారం అందరం అదే కారులో తిరుపతి వెళ్తున్నాం. వాళ్లింట్లో ఉంటూ, వాళ్ల కారే తోలుతూ మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటంగా ఉంది. నేను బట్టీ పట్టింది తప్పా, బావ చెప్పింది తప్పా?
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: శనివారం ప్రయాణం ఉంది కాబట్టి ముందు కారు సంగతి చూద్దాం అమ్మా, పరీక్ష సంగతి తర్వాత. మీ బావ చెప్పింది జరగని విషయమేమీ కాదు, అదీ ఒక కారణం కావచ్చు. కానీ మలుపుల్లో, దిగుడులో అని మీరు రాశారు చూడండి, ఆ రెండు మాటలూ ఇంకో వైపు చూపిస్తున్నాయి.

వృత్తం మధ్యలో ఆశ్చర్యార్థకం, రెండు పక్కలా బ్రాకెట్ల లాంటి గీతలు ఉండే ఆ ఎర్ర లైటు ఒక్కటే అయినా దాన్ని వెలిగించేవి ఒకటి కంటే ఎక్కువ. హ్యాండ్ బ్రేక్ లివర్ అడుగున ఒక చిన్న స్విచ్ ఉంటుంది, లివర్ ఒక్క పన్ను పైకి లేచినా అది లైటు వెలిగిస్తుంది. రెండోది బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలో తేలుతూ ఉండే ఫ్లోటు, ఆయిల్ తగ్గితే అది కిందికి దిగి అదే లైటును వెలిగిస్తుంది. ఏబీఎస్ ఉన్న కార్లలో మూడోది కూడా ఉంటుంది, దాని గురించి కాస్త ఆగి చెబుతాను. లైటుకి మాత్రం ఎవరు వెలిగించారో చెప్పే నోరు లేదు. అందుకే హ్యాండ్ బ్రేక్ వేసి మర్చిపోయినా, బ్రేక్ ఆయిల్ కారిపోతున్నా మీకు కనిపించేది అదే ఎరుపు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఎప్పుడు వెలుగుతోంది అన్నదాన్ని బట్టి. డబ్బాలో ఆయిల్ కింది గీత దగ్గరికి వచ్చిందనుకోండి, నేరుగా వెళ్తున్నప్పుడు ఫ్లోటు ఎలాగో తేలుతూనే ఉంటుంది. మలుపు తిరగ్గానే ఆయిలంతా ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రిడ్జి దిగుతూ బ్రేక్ తొక్కితే ముందుకు వెళ్తుంది, ఆ క్షణం ఫ్లోటు దిగి లైటు వెలుగుతుంది, రోడ్డు సమం కాగానే ఆరిపోతుంది. హెబ్బాళ ఫ్లైఓవర్ లూపు లాంటి చోట ఎక్కువసేపు ఒకే వైపు తిరుగుతూ ఉంటే లైటు కూడా అంతసేపూ నిలిచి వెలగొచ్చు. అదే హ్యాండ్ బ్రేక్ స్విచ్ లూజైతే మలుపుతో పెద్దగా సంబంధం ఉండదు, గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద వెలుగుతుంది, లివర్‌ని చేత్తో కదిపితే వెలుగుతుంది. ఇదే తుది తీర్పు అనను, కానీ బానెట్ ఎత్తకుండా సెన్సర్ అని కొట్టిపారేయడానికి మాత్రం వీల్లేదు.

చూడటం ఏమంత కష్టం కాదు, పది నిమిషాల పని. కారుని సమంగా ఉన్న చోట పెట్టండి, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ అయితే మంచిది, ర్యాంపు మీద వద్దు. ఇంజన్ ఆపి, గేర్‌లో ఉంచి, టైరు కింద ఒక రాయి పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి, లివర్‌ని వేలితో కొంచెం అటూ ఇటూ ఆడించండి. అప్పుడు లైటు మినుకుమంటే మీ బావ మాటకి బలం వచ్చినట్టే. తర్వాత కీ ఆఫ్ చేసి బానెట్ ఎత్తండి. చాలా కార్లలో డ్రైవర్ వైపు, అద్దానికి దగ్గర్లో, లోపలి ఆయిల్ కనిపించేలా తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, మూతకి ఒక వైరు కూడా వస్తుంది, అదే ఫ్లోటు వైరు. డబ్బా మీద మ్యాక్స్, మిన్ అని రెండు గీతలుంటాయి. ఆయిల్ వాటి మధ్యలో, పైగీతకి దగ్గరగా ఉండాలి. పాత డబ్బా మీద మరక పట్టి లెవెల్ తెలియకపోతే పక్కనుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. మూత తీయకండి, బయటినుంచి చూస్తే చాలు. ఆ ఆయిల్ చుక్క కారు పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది, ఇంట్లో గొడవ అప్పుడు నిజంగానే మొదలవుతుంది.

ఇప్పుడు లెవెల్ మిన్ దగ్గరో, అంతకంటే కిందో ఉందనుకుందాం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఒక సీసా తెచ్చి పైదాకా పోసేస్తారు, లైటు ఆరిపోతుంది, సమస్య తీరిపోయిందనుకుంటారు. బ్రేక్ ఆయిల్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, ఇంజన్ ఆయిల్‌లా కాస్త కాస్త కాలిపోయేది అంతకన్నా కాదు. అది మూసి ఉన్న పైపుల్లో ఉంటుంది. తగ్గిందంటే రెండే దారులు. ఒకటి, బ్రేక్ ప్యాడ్లు అరిగాయి. ప్యాడ్ పలచబడే కొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ ఇంకాస్త బయటికి వచ్చి నిలబడుతుంది, దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ వెళ్తుంది. ఇది నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. బ్రేక్ వేసినప్పుడు లోహం రాసుకున్నట్టు కీచుమంటోందంటే, ప్యాడ్ 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే మార్చేయాల్సిందే. ప్యాడ్లు మార్చేటప్పుడు మెకానిక్ పిస్టన్‌ని వెనక్కి నొక్కుతాడు, ఆ ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చి లెవెల్ దానంతటదే పెరుగుతుంది. ముందే పైదాకా పోసుంటే అప్పుడు పొంగి ఇంజన్ గదంతా పడుతుంది.

రెండో దారి లీకు. చక్రాల లోపలి వైపు తడి, వెనక డ్రమ్ముల దగ్గర జిడ్డు, కారు ఆపిన చోట నేల మీద మరక, వీటిలో ఏదైనా కనిపించొచ్చు. అన్నిటికంటే ముందు పెడల్ చెబుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి బ్రేక్‌ని ఒక మోస్తరుగా తొక్కి అలాగే పట్టుకోండి. గట్టిగా నిలబడితే సరే, కాలు కింద మెల్లగా నేల వైపు దిగిపోతూ ఉంటే, లేక రెండు మూడుసార్లు కొడితే గానీ గట్టిపడకపోతే ఆ కారు అక్కడే ఉండాలి, మెకానిక్కే ఇంటికి రావాలి. నేటి కార్లలో బ్రేకు లైన్లు రెండు భాగాలుగా ఉంటాయి, ఒకటి పోయినా రెండోది కొంత పనిచేస్తుంది, నిజమే, కానీ పెడల్ చాలా లోతుకు వెళ్తుంది, కారు ఆగే దూరం బాగా పెరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డులో ముందు బండికీ మీకూ మధ్య ఎంత ఖాళీ దొరుకుతుందో మీకు తెలిసిందే.

కాబట్టి శనివారం లోపు మీ ముందు ఉన్న దారులివి. ప్యాడ్లు, లీకు రెండూ మెకానిక్‌తో చూపించడం మొదటిది. లెవెల్ బాగానే ఉండి స్విచ్చే తేడా అని తేలితే దాన్ని సరిచేయించి హాయిగా బయల్దేరండి, అది చిన్న పని. ప్యాడ్లయితే అర పూటలో మార్చేస్తారు. లీకైతే మాత్రం భాగం దొరకాలి, ఆయిల్ మార్చి లైన్లలోంచి గాలి తీయాలి, ఒక రోజు కారు అక్కడే పెట్టాల్సి రావచ్చు, అందుకే శుక్రవారం సాయంత్రం దాకా ఆగకండి.

రెండో దారి, ఆయిల్ పోసుకుని వెళ్లిపోవడం. ప్యాడ్ అరుగుదల కొంచెమే అయితే వెళ్లి తిరిగి రావచ్చు కూడా. కానీ చూడకుండా అది కొంచెమో, ఎక్కువో ఎలా తెలుస్తుంది? పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి, కొండకి కారులోనే వెళ్తే తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు కూడా ఉంది. అన్ని మలుపుల్లో బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే ఆయిల్ వేడెక్కుతుంది. డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి, కానీ అది గాలిలో తేమను పీలుస్తుంది, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, అప్పుడు పెడల్ తొక్కినా ఆ ఒత్తిడి చక్రం దాకా చేరదు. ఆయిల్ ఎన్నేళ్లుగా మార్చలేదో మీ బావని అడగండి. రెండేళ్లు దాటితే ఈ సందర్భంలోనే మార్పించడం మంచిది. ఘాట్‌లో ఎలాగూ రెండో గేరు, మూడో గేరులో దిగాలి, బ్రేకు మీద భారం తగ్గుతుంది, అది వేరే సంగతి.

మూడోది చెప్పడానికే ఇష్టం లేదు కానీ ఇలా చేసే షెడ్లున్నాయి కాబట్టి చెబుతున్నాను. డబ్బా మూతకి వచ్చే వైరు పీకేస్తారు. లైటు ఆరిపోతుంది, యజమాని సంతోషిస్తాడు. కారు తీసుకునేటప్పుడు ఆ వైరు మూతకి తగిలించి ఉందో లేదో మీరే చూడండి. నాలుగోది, ఈ శనివారానికి రైలో, అద్దె కారో చూసుకుని కారు పని నింపాదిగా చేయించడం, లీకు అని తేలితే నేనైతే ఇదే చేస్తాను. మీ ప్రాక్టీసు కూడా అప్పటిదాకా డ్రైవింగ్ స్కూలు కారులోనే సాగించండి.

బావతో ఎలా చెప్పాలి అంటారా, లైటు గురించి వాదించకండి, వాదిస్తే ఆయన మాట, మీ మాట అవుతుంది. బ్రిటన్‌లో డ్రైవింగ్ టెస్టు మొదట్లో కారు కదిలేలోపే ఎగ్జామినర్ ఒక ప్రశ్న అడుగుతారు, ఏదైనా ఒకటి ఎలా చెక్ చేస్తారో మీరు చెప్పాలి. బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ డబ్బా ఎక్కడుందో చూపించి, లెవెల్ సరిపోయిందో లేదో ఎలా తెలుసుకుంటారో చెప్పమనడం కూడా ఆ ప్రశ్నల్లో ఒకటి. నిజంగానే మీరు నేర్చుకోవాల్సిన సంగతి ఇది. "బావా, ఇది టెస్టులో అడుగుతారంట, ఒకసారి బానెట్ తీసి చూపించవా" అనండి. గీత కింద ఆయిల్ ఉంటే ఆయన కళ్లతో ఆయనే చూస్తాడు, ఇక మీరు ఏమీ చెప్పక్కర్లేదు. చూశాక కూడా తీసిపారేస్తే మొహమాటం పక్కన పెట్టి అక్కతో చెప్పండి, ఆ కారులో వెళ్లేది ఆయనొక్కడే కాదు కదా.

ఇక పరీక్ష. మీరు పట్టిన బట్టీ తప్పు కాదు, అది సగమే. రంగు మీకు ఎంత తొందర పడాలో చెబుతుంది, ఏం పాడైందో చెప్పదు. ప్రశ్నలేమో చాలాసార్లు ఏం చేయాలి అని అడుగుతాయి. థియరీలో 50 ప్రశ్నలకు 43 రావాలి, అంటే ఏడు తప్పులకే చోటుంది, వాటిని లైట్ల మీద పోగొట్టుకోవడం అనవసరం. రంగుతో పాటు ఆ లైటు ఎప్పుడు వెలిగింది, నిలిచి వెలుగుతోందా, కొట్టుకుంటోందా అన్నవి కూడా చదవండి.

బ్రేకులతోనే చూద్దాం. ఏబీఎస్ అని రాసి ఉండే పసుపు లైటు బండి నడుస్తుండగా వెలిగి అలాగే ఉండిపోయిందని ప్రశ్న వస్తుంది. కింద నాలుగు జవాబుల్లో హ్యాండ్ బ్రేక్ దించారో లేదో చూడండి, బ్రేక్ ఆయిల్ లెవెల్ చూడండి లాంటివి ఉంటాయి, మీలా చదివినవాళ్లు సరిగ్గా అక్కడే పడతారు. అవి ఎర్ర లైటుకి జవాబులు. పసుపు ఏబీఎస్ లైటంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, కానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు పనిచేయకపోవచ్చు. బ్రేకులు వెంటనే చెక్ చేయించాలి అన్నదే సరైన జవాబు. మరి పసుపు అంటే తర్వాత చూసుకోవచ్చు కదా అంటారు. నడిరోడ్డులో ఆపక్కర్లేదు అని మాత్రమే పసుపు చెబుతుంది, వచ్చే నెల సర్వీసు దాకా ఆగొచ్చని చెప్పదు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మూడో కారణం. ఎర్ర బ్రేకు లైటు, పసుపు ఏబీఎస్ లైటు రెండూ కలిసి వెలిగితే వేరే కథ. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బ్రేకు బలాన్ని పంచే పని కూడా ఏబీఎస్ కంప్యూటరే చేస్తుంది, చాలా కార్లలో ఆ పంపకం దెబ్బతింటే రెండు లైట్లూ ఒకేసారి వస్తాయి. అప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు వెనక భాగం పక్కకు తిరిగే ప్రమాదం ఉంది. వేగం మెల్లగా తగ్గించి సురక్షితమైన చోట ఆపాలి, తోలుకుంటూ గ్యారేజీకి వెళ్లకూడదు.

ఎరుపు విషయంలో ఇంకో చిక్కు, ఆపడం అంటే కాలు ఎత్తి బ్రేకు మీద దూకడం కాదు. అద్దాలు చూసి, ఇండికేటర్ వేసి, పక్కకి తీసి ఆపాలి. ఎరుపులన్నీ ఒకే రకం కూడా కాదు. ఆయిల్ క్యాన్ బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయింది, ఆపగానే ఇంజన్ కూడా ఆఫ్ చేయాలి, నిమిషాల్లో ఇంజన్ పాడవుతుంది. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగితే ఛార్జింగ్ ఆగిపోయింది, వేడి ముల్లు పెరగకపోతే, స్టీరింగ్ బరువెక్కకపోతే ఏసీ లాంటివి ఆపేసి దగ్గర్లోని గ్యారేజీ దాకా వెళ్లగలిగే అవకాశం ఉంటుంది. సీటు బెల్టు కూడా ఎరుపే, దానికి కారు బాగుచేయించక్కర్లేదు, బెల్టు పెట్టుకోవాలి.

పసుపులో ఇంజన్ బొమ్మ నిలిచి వెలిగితే త్వరగా చూపించుకోవాలి, కొట్టుకుంటూ వెలిగితే పెట్రోల్ సరిగా మండట్లేదని అర్థం, యాక్సిలరేటర్ తగ్గించి వీలైనంత తొందరగా ఆపాలి, లేకపోతే సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్ కాలిపోతుంది. ముందు ఫాగ్ లైట్ల గుర్తు ఆకుపచ్చ, వెనక ఫాగ్ లైటు గుర్తు మాత్రం పసుపు. అది లోపం కాదు, మంచు తగ్గాక ఆపేయాలి అని. ఇంగ్లండ్‌లో ఇది తరచూ అడుగుతారు, మన దగ్గర చాలా కార్లకి వెనక ఫాగ్ లైటే ఉండదు కాబట్టి మనవాళ్లకి తట్టదు. నీలం అంటే హై బీమ్, ఎదురుగా బండి వస్తే దించాలి. కొన్ని కార్లలో థర్మామీటర్ బొమ్మ కూడా నీలంగా వస్తుంది, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పడానికి.

చివరగా, ఏబీఎస్ లైటు వెలగట్లేదు అని మీరు ధీమాగా రాశారు, దాన్ని ఒకసారి సరిచూసుకోండి. కీ ఆన్ చేయగానే ఈ హెచ్చరిక లైట్లన్నీ కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి, అది కారు తనని తాను పరీక్షించుకోవడం. అప్పుడు వెలిగి ఆరితే ఏబీఎస్ మీద ఫిర్యాదేమీ లేనట్టు. కీ ఆన్ చేసినప్పుడు కూడా వెలగకపోతే బల్బు పోయిందో, ఎవరో తీసేశారో, ఏబీఎస్ పాడైనా మీకు తెలిసే దారి లేదు. ఏబీఎస్‌లో సమస్య ఉంటే ఎలా తెలుస్తుంది అన్నది కూడా ఎగ్జామినర్ అడిగే ప్రశ్నల్లో ఉంది, లోపం ఉంటే దాని హెచ్చరిక లైటు వెలుగుతుంది అన్నది జవాబు. అసలు మీ బావ కారులో ఆ బొమ్మ రాకపోతే, ఆ మోడల్‌కి ఏబీఎస్ ఉందో లేదో మాన్యువల్‌లో చూసి, ఉంటే మెకానిక్‌కి బ్రేక్ ఆయిల్‌తో పాటు ఇది కూడా చెప్పండి.